మీమ్‌లో "రా రా" అని ఉంటే "ఠా ఠా" అని చదువుతోంది, ఎక్కడ తప్పు?

గూటిచిలక | శనివారం, ఉదయం 9:12

మా స్నేహితుల గుంపులో ఏళ్ల తరబడి పోగైన మీమ్‌లు ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి, 1,400 పైచిలుకు. ఒక మాట టైప్ చేస్తే ఆ మాట ఉన్న బొమ్మ దొరకాలని నా కోరిక. అందుకే టెసరాక్ట్‌తో ఒక్కో బొమ్మలోని అక్షరాలు లాగి పక్కన ఒక టెక్స్ట్ ఫైల్ పెడుతున్నాను. పుస్తకం పేజీ స్కాన్ చేసి ఇస్తే బాగానే చదువుతుంది. మీమ్ ఇచ్చేసరికి మాత్రం నోట మాట రావట్లేదు దానికి.

ఒక బొమ్మ ఉదాహరణగా చెప్తాను. వెనక ఆకాశం, మబ్బులు, కింద ఒకతను నల్ల చొక్కా వేసుకుని నిలబడి ఉంటాడు. పైన "నువ్వు రా రా అంటే వచ్చా" అని, కింద "ఇప్పుడు అదే కధ" అని ఉంటుంది. తెల్ల అక్షరాలు, చుట్టూ నల్ల అంచు. అక్షరాల ఎత్తు నలభై పిక్సెళ్లు ఉంటుందేమో. బొమ్మను అలాగే ఇస్తే వచ్చింది చెత్త: ఒక కామా, రెండు బ్రాకెట్లు, మధ్యలో ఒక "ల". కళ్లకు ఇంత స్పష్టంగా కనిపించే అక్షరాలు దానికెందుకు కనిపించవు?

మసిబొగ్గు | శనివారం, 9:40

టెసరాక్ట్ తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలకు అలవాటు పడింది. మీరు ఇచ్చింది సరిగ్గా తలకిందులు. నలుపు తెలుపులుగా మార్చి తిప్పి ఇవ్వండి, అయిపోతుంది. నేను ఇలా చేస్తాను:

```
magick m.jpg -resize 300% -colorspace Gray -threshold 85% -negate a.png
tesseract a.png out -l tel --psm 6
```

మూడు రెట్లు పెంచడం కూడా మర్చిపోకండి. చిన్న అక్షరాల్లో వత్తులు ముద్దయిపోతాయి.

సీతాకోక | శనివారం, 10:05

ఇలాంటి అక్షరాలు ఏ యాప్‌లో చేస్తారో చెప్పండి ప్లీజ్. నా యాప్‌లో తెలుగుకి రెండే ఫాంట్లు ఉన్నాయి, రెండూ ప్రభుత్వ నోటీసులా ఉంటాయి 😩

మసిబొగ్గు | శనివారం, 10:11

సీతాకోక గారూ, ఇక్కడ మాట చదవడం గురించండి, చెయ్యడం గురించి కాదు. అయినా అడిగారు కాబట్టి: గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉన్నాయి. Ramaraja, Ravi Prakash, Dhurjati చూడండి. మీ యాప్‌లో బయటి ఫాంట్ పెట్టుకునే వీలుంటే సరిపోతుంది.

గూటిచిలక | శనివారం, 11:30

మసిబొగ్గు గారూ, చేశాను. కింది వరస వచ్చింది, దాదాపు. పై వరస మొత్తం మాయం. a.png తెరిచి చూస్తే పైభాగమంతా నల్లగా ఉంది, అందులో అక్షరాల అంచులు మాత్రం సన్నని తెల్ల గీతల్లా కనిపిస్తున్నాయి.

మసిబొగ్గు | శనివారం, 11:38

మబ్బులు కూడా 85 శాతం దాటేశాయి, అంతే. 95కి పెంచండి. మబ్బు ఎంత తెల్లగా ఉన్నా అక్షరమంత తెల్లగా ఉండదు. అక్షరం 255, మబ్బు 230, 235.

చుక్కలలెక్క | శనివారం, 12:20

మసిబొగ్గు చెప్పింది సగం బొమ్మకు పనిచేస్తుంది, మిగతా సగానికి పనిచెయ్యదు. ఎండ పడే వైపు మబ్బు ఫొటోలో కాలిపోతుంది, అంటే అక్కడ కూడా విలువ 255కే తగులుతుంది. ఇంకో పక్క, చేతులు మారి మారి వచ్చిన జేపెగ్‌లో అక్షరం తెలుపు కూడా 255 దగ్గర స్థిరంగా నిలబడదు. అంచుల దగ్గర 240కి దిగుతూ ఉంటుంది. గీత ఎక్కడ గీసినా ఆకాశంలో కొంత లోపలికి వస్తుంది, అక్షరంలో కొంత బయటికి పోతుంది.

గూటిచిలక గారూ, మీ కళ్లకు ఆ అక్షరం ఎందుకు కనిపిస్తోందో ఒకసారి ఆలోచించండి. తెలుపు వల్ల కాదు, తెల్ల మబ్బు మీద తెల్ల అక్షరం ఎవరికీ కనపడదు. కనపడేది నల్ల అంచు వల్ల. మీమ్ చేసినవాళ్లు అంచు పెట్టేదే అందుకు. కాబట్టి మనం కూడా ఆ అంచునే పట్టుకోవాలి.

85 శాతం దగ్గరే ఉంచండి. ఆకాశం తెల్లగా, అక్షరం తెల్లగా, మధ్యలో నల్ల కంచె మిగులుతుంది. ఇప్పుడు బొమ్మ మూల నుంచి నల్ల రంగు పొయ్యండి. అది ఆకాశమంతా పారుతుంది, కంచె దగ్గర ఆగిపోతుంది. కంచె లోపలున్న అక్షరం మాత్రం తెల్లగా మిగులుతుంది. తర్వాత తిప్పేస్తే తెల్ల కాగితం మీద నల్ల అక్షరం.

```
magick m.jpg -resize 300% -colorspace Gray -threshold 85% \
  -bordercolor white -border 1 -fill black \
  -draw "color 0,0 floodfill" -negate a.png
```

చుట్టూ ఒక పిక్సెల్ తెల్ల అంచు ఎందుకంటే, ఆకాశం ఎడమ మూల నుంచీ కుడి మూల నుంచీ విడివిడిగా ఉన్నా ఆ అంచు వెంబడి రంగు అన్నిటికీ చేరుతుంది.

గూటిచిలక | శనివారం, 1:45

అబ్బ! వచ్చింది. పై వరస మొత్తం బయటపడింది. కానీ టెసరాక్ట్ ఇలా చదివింది:

నువ్వు ఠా ఠా అంటే వచ్చా

"రా రా" కాస్తా "ఠా ఠా" అయ్యింది 😂 ఏదో వీడ్కోలు చెప్తున్నట్టుంది. a.png చూస్తే నిజంగానే "ర" పొట్టలో చుక్క ఉంది. మొదటి బొమ్మలో ఆ చుక్క లేదు, ఒట్టు.

నిలువుగీత | శనివారం, 1:58

తెలుగులో ఠ ఎంత అరుదో తెలుసు కదా. కనపడిన ప్రతి ఠ ని ర గా మార్చేస్తే సరి, ఒక్క లైన్ పని.

మసిబొగ్గు | శనివారం, 2:03

పాఠం పారం అవుతుంది, కంఠం కంరం అవుతుంది. మీరు చెప్పిన "సరి" తర్వాత మళ్లీ సరిచెయ్యడానికి ఇంకో లైన్ రాసుకోవాలి.

చుక్కలలెక్క | శనివారం, 3:10

ఆ చుక్క ఆకాశం ముక్క. ర ఒక గుండ్రం. దాని చుట్టూ బయటా అంచు ఉంది, పొట్ట లోపలా అంచు ఉంది. లోపలి అంచుకు మధ్యలో మిగిలిన కాస్త ఖాళీలో ఆకాశం చిక్కుకుపోయింది. మూల నుంచి పోసిన రంగు అక్కడికి చేరలేదు, దారి లేదు కాబట్టి. తిప్పేసరికి అది నల్ల చుక్క అయింది. చుక్క ఉన్న ర అంటే ఠే మరి, టెసరాక్ట్ తప్పేం లేదు. ఎదురుగా ఉన్నదాన్నే చదివింది.

మీ లెక్కలతోనే చూడండి. నలభై పిక్సెళ్ల ఎత్తున్న ర లో పొట్ట సుమారు పద్నాలుగు పిక్సెళ్ల వెడల్పు ఉంటుందనుకుందాం. అంచు మూడు పిక్సెళ్లు అనుకుంటే అటు మూడు, ఇటు మూడు పోను మధ్యలో ఎనిమిది మిగులుతుంది. మూడు రెట్లు పెంచారు కాబట్టి a.png లో ఇరవై నాలుగు పిక్సెళ్ల బొట్టు. చిన్నదేం కాదు. మామూలు మచ్చలు తుడిచే పద్ధతులకు ఇది లొంగదు. లొంగేంత గట్టిగా తుడిస్తే నిజం చుక్కలూ పోతాయి, చిన్న వత్తులూ పోతాయి.

ఇది దొంగ చుక్కా, నిజం చుక్కా అని కనిపెట్టడానికి నేను వాడే చిట్కా ఒకటుంది. అదే వరసలో సున్నాలు వెతకండి. మీ వరసలో "అంటే" ఉంది. a.png లో ఆ "అం" పక్కన ఉన్న సున్న పొట్టలో చుక్క ఉందా?

గూటిచిలక | శనివారం, 3:22

ఉంది! టార్గెట్ బోర్డులా ఉంది. టెసరాక్ట్ దాన్ని సున్నగానే చదివింది కాబట్టి నేను పట్టించుకోలేదు.

చుక్కలలెక్క | శనివారం, 3:40

తెలుగులో సున్న పొట్టలో చుక్క ఉండే అక్షరమే లేదు. ఆ చుక్క అబద్ధం అని ఖాయం. ఒకే వరస, ఒకే అంచు, ఒకే ఆకాశం కాబట్టి పక్కనున్న ర లో చుక్క కూడా దాదాపు అబద్ధమే. సున్నే సాక్షి.

ఇక రెండోది. చుక్కని గీత మందంతో పోల్చండి. డిజైనర్ గీసిన ఠ లో చుక్క ఆ ఫాంట్ గీత మందానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. చిక్కుకున్న ఆకాశానికి ఆ లెక్క ఉండదు, పొట్ట ఎంత ఉంటే అంత. పెద్ద అక్షరాల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముప్పై పిక్సెళ్లకు తక్కువ అక్షరాల్లో రెండూ ఒకటే అయిపోతాయి, అక్కడ ఈ కొలత నమ్మొద్దు.

మూడోది, అక్కడ మొదటి బొమ్మలో రంగు చూడండి. బొట్టు ఉన్న చోట అసలు ఫొటోలో లేత నీలం ఛాయ ఉంటే అది ఆకాశమే. మబ్బు కాలిపోయిన చోట మాత్రం ఇది చెప్పలేం.

వినికిడి | శనివారం, 4:30

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు చూపు బాగా తక్కువ, స్క్రీన్ రీడర్‌తో చదువుతాను. మా వాళ్లు గుంపులో మీమ్ పెట్టి అందరూ నవ్వుతుంటే నేను ఓసీఆర్ నొక్కి వింటాను. గూటిచిలక గారికి "ఠా ఠా" వస్తే నవ్వొచ్చింది, నాకు అదే వస్తే అసలు మాట ఏమిటో ఊహించడానికి బొమ్మ కనపడదు.

నన్నడిగితే చెత్తగా చదవడం కన్నా "ఇక్కడ ఏదో రాసుంది, చదవలేకపోయాను" అని చెప్తే మేలు. చెత్త చదివినప్పుడు అది చెత్తని తెలుసుకోవడానికి రెండుమూడు సార్లు వినాలి.

ఇంకోటి. కొందరు బొమ్మ కూడా కాదు, పేరునో క్యాప్షన్‌నో ఇంగ్లీషు వంకర అక్షరాల్లో పెడతారు. 𝓗𝓮𝓵𝓵𝓸 లాంటివి. అవి వినపడే తీరు వేరే కథ. నా పాత రీడర్ ఒక్కో అక్షరానికి "మ్యాథమెటికల్ బోల్డ్ స్క్రిప్ట్" అని చదువుకుంటూ పోయేది, హలో చెప్పడానికి అర నిమిషం.

చుక్కలలెక్క | శనివారం, 5:05

వినికిడి గారూ, ఆ వంకర అక్షరాలు ఫాంట్ కాదు. లెక్కల పుస్తకాల కోసం యూనికోడ్‌లో పెట్టిన గుర్తులు, U+1D400 నుంచి U+1D7FF వరకు. వాటిని మామూలు అక్షరాలకు దించడం తేలిక:

```
import unicodedata
unicodedata.normalize("NFKC", s)
```

తెలుగుకి అలాంటి గుర్తుల వరస లేదు. అందుకే తెలుగులో సోకు చెయ్యాలంటే బొమ్మే దిక్కు, మన కష్టమంతా అక్కడే.

చెత్తకన్నా మౌనం మేలన్న మాటతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. ఆదేశం చివర `tsv` అని పెడితే ఒక్కో మాటకు conf అనే గడిలో ఎంత నమ్మకంతో చదివిందో వస్తుంది, సున్న నుంచి వంద దాకా. నేను అరవై కన్నా తక్కువ వచ్చినవి పక్కన పెడతాను. కాకపోతే "ఠా" లాంటివి దీనికి దొరకవు. చుక్క స్పష్టంగా ఉంది కాబట్టి ధైర్యంగానే తప్పు చదువుతుంది.

నిలువుగీత | శనివారం, 6:15

నా పద్ధతి వేరే. వచ్చిన మాటల్ని నిఘంటువుతో సరిపోల్చి, లేని మాటని దగ్గరి మాటకు మారుస్తాను. రెండు వందల బొమ్మల మీద నడిపాను, చాలా శుభ్రంగా వచ్చింది. ఠా లేదు, రా ఉంది, మారిపోయింది. ఈ కొలతలూ సాక్ష్యాలూ అక్కర్లేదు.

గూటిచిలక | శనివారం, 6:50

నేనూ అలా చేద్దామనే అనుకున్నాను, నిలువుగీత గారూ. కానీ మీమ్‌లలో సగం మాటలు నిఘంటువులో ఉండవు. "ఏందిరా బై", "అట్లుంటది", "మస్తుగా" ఇవన్నీ ఏమవుతాయి? మా ఫోల్డర్‌లో ఒక మీమ్ ఉంది, కావాలనే "విద్యార్ది" అని తప్పు రాసి కింద మాస్టారి ముఖం పెట్టారు. మీ పద్ధతి దాన్ని "విద్యార్థి" చేసేస్తుంది. జోకే పోతుంది.

నిలువుగీత | శనివారం, 7:02

వెతకడానికే కదా? సరిగ్గా రాస్తేనే దొరుకుతుంది. తప్పుల్ని భద్రపరచడం ఎందుకు?

వినికిడి | శనివారం, 7:20

నాకు భద్రపరచాలి. తప్పు ఉందని తెలిస్తేనే నవ్వు.

మసిబొగ్గు | శనివారం, 7:26

రెండు గడులు పెట్టుకోండి. చదివింది చదివినట్టు ఒకదాంట్లో, సరిదిద్దింది ఇంకోదాంట్లో. వెతికేది రెండోదాంట్లో, చూపించేది మొదటిది. గొడవ లేదు.

గూటిచిలక | ఆదివారం, ఉదయం 8:50

పై వరస సంగతి తేలింది. బొట్టుల్ని తీసే చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను: ఒక అక్షరం పొట్టలో ఒంటరిగా ఉన్న మచ్చ గీత మందానికి ఒకటిన్నర రెట్లు దాటితే తీసెయ్. సున్నల్లో ఉంటే పరిమాణం చూడకుండా తీసెయ్. "రా రా" వచ్చింది.

ఇప్పుడు కింది వరస. నిన్న "దాదాపు" అన్నాను కదా. బొమ్మలో "ఇప్పుడు అదే కధ" అని ఉంటే "ఇప్పుడు అదే కద" అని వస్తోంది. conf 91. కద, కధ రెండూ అర్థవంతంగానే ఉన్నాయి, అదే నా టెన్షన్. ఇక్కడ ఆకాశం లేదు, నల్ల చొక్కా మీద ఉంది వరస. మరి ధ కింది గీత ఎక్కడికి పోయింది?

తెలుగుపంతులు | ఆదివారం, 9:15

అసలు "కధ" అనడమే తప్పు. "కథ" అనాలి. మూలంలోనే తప్పుంటే యంత్రాన్ని అని ఏం లాభం.

గూటిచిలక | ఆదివారం, 9:21

మాస్టారూ, మీమ్ చేసినతను అలాగే రాశాడండి. నేను ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి.

చుక్కలలెక్క | ఆదివారం, 10:40

గూటిచిలక గారూ, మూడు రెట్లు పెంచిన రంగు బొమ్మలో ఆ ధ దగ్గరికి వెళ్లి చూడండి, నలుపు తెలుపు చెయ్యకముందు. కింది గీతలో తెలుపు ఎంత ఉంది?

గూటిచిలక | ఆదివారం, 10:58

తెలుపు లేనే లేదు! బూడిదరంగు చార ఒకటి ఉంది, అంతే. దూరం నుంచి చూస్తే గీత ఉన్నట్టే అనిపిస్తుంది, దగ్గరికెళ్తే మాయం.

చుక్కలలెక్క | ఆదివారం, 11:30

అనుకున్నాను. అంచు గీయడంలో రెండు రకాలున్నాయి. ఒక రకం యాప్ అంచుని అక్షరం బయట గీస్తుంది, అక్షరం ఎంత మందం ఉండాలో అంతే ఉంటుంది. రెండో రకం యాప్ అక్షరం గీటు మీదే కూర్చోబెట్టి గీస్తుంది. ఆరు పిక్సెళ్ల అంచు అంటే మూడు బయటికి, మూడు లోపలికి. లోపలికి వచ్చిన మూడూ అక్షరాన్ని తినేస్తాయి. ద లాంటి లావు గీతకు పర్వాలేదు, పన్నెండులో ఆరు మిగులుతుంది. ధ కింద వేలాడే చిన్న గీత మందం ఆరే అయితే అటు మూడు, ఇటు మూడు పోయి ఏమీ మిగలదు. మీకు కనిపించిన బూడిద చార రెండు నల్ల అంచులు కలిసిన చోట మిగిలిన అవశేషం.

మీ కన్ను దాన్ని గీతలాగే చదవడానికి ఒక కారణం ఉంది. అక్కడ అంచు కిందికి ఉబ్బి ఉంటుంది. తెలుపు పోయినా, అంచు బయటి ఆకారంలో ఆ గీత అచ్చు మిగిలింది. మనం తెలుపు మాత్రమే తీసుకుని అంచుని పారేశాం, దాంతోపాటు ఆ అచ్చునీ పారేశాం.

లేత నేపథ్యం మీద అయితే ఒక ఉపాయం ఉంది. తెలుపుని వదిలేసి, నల్లగా ఉన్నదంతా తీసుకుని, లోపలి తెలుపుని కూడా నలుపుతో నింపేస్తే లావుపాటి అక్షరం వస్తుంది. దాని కింద ఉబ్బు కనిపిస్తుంది. తర్వాత అన్ని వైపులా మూడు పిక్సెళ్లు చెక్కితే అసలు ఆకారానికి దగ్గరగా వస్తుంది, ధ కింది గీతతో సహా. భ, ఫ, ఢ లాంటి వాటికీ ఇదే వైద్యం, అవన్నీ చిన్న గీత మీదే ఆధారపడి బతుకుతాయి.

మీ బొమ్మలో మాత్రం కింది వరస నల్ల చొక్కా మీద ఉంది. నల్ల అంచు నల్ల చొక్కాలో కలిసిపోయింది. అచ్చు కూడా లేదు.

మసిబొగ్గు | ఆదివారం, 11:52

చొక్కా పూర్తి నలుపు అయి ఉండదు కదా. 20, 25 ఉంటుంది, అంచు 0. వెలుతురు పెంచితే విడిపోతాయేమో?

చుక్కలలెక్క | ఆదివారం, 12:10

అసలు ఫైలు ఉంటే విడిపోవచ్చు. నాలుగు చేతులు మారిన జేపెగ్‌లో అలాంటి చిన్న తేడాలే ముందు పోతాయి. చెయ్యి వేసి చూడండి, తప్పేం లేదు.

సీతాకోక | ఆదివారం, 12:30

ఓహో, నేను ఎర్ర అక్షరాలు నీలం ఫొటో మీద పెడితే పంపాక మసకగా కనిపిస్తాయి. అదీ ఇదేనా?

చుక్కలలెక్క | ఆదివారం, 12:48

మంచి ప్రశ్న. దానికి అన్న లాంటిది. జేపెగ్ మామూలుగా వెలుతురుని పూర్తి వివరంతో దాచుకుంటుంది, రంగుని మాత్రం అడ్డంగా సగం, నిలువుగా సగం వివరంతో దాస్తుంది. ఎరుపు, నీలం వెలుతురులో దగ్గరదగ్గరగా ఉంటే వాటి మధ్య గీటు రంగులోనే ఉంటుంది, ఆ రంగేమో సగం వివరంతో ఉంది. అందుకే మసక. తెలుపు మీద నలుపుకి ఈ బాధ లేదు. మీ మీమ్‌ని ఎవరైనా వినికిడి గారిలా చదవాలంటే కూడా తెలుపు నలుపే మేలు.

సీతాకోక | ఆదివారం, 12:55

సరే, ఇక నుంచి అలాగే చేస్తా. కానీ Ravi Prakash ఫాంట్ వదలను 😄 బాగుంది అది.

వినికిడి | ఆదివారం, 1:30

వదలకండి, మీ ఇష్టం. పోస్ట్ కింద అదే మాట మామూలుగా టైప్ చెయ్యండి, నాకు అంతే చాలు.

ఆ అలంకారపు ఫాంట్ల గురించే అడగాలనుకున్నాను. అంచు లేకపోయినా, తెల్ల కాగితం మీదున్నా నా ఓసీఆర్ వాటిని తడబడుతూ చదువుతుంది. ఎందుకు?

చుక్కలలెక్క | ఆదివారం, 2:15

అది నేర్చుకున్న ఫాంట్ల గొడవ. తలకట్టుని ఒక ఫాంట్ టిక్కులా పెడుతుంది, ఇంకోటి కొమ్ములా వంచుతుంది, మరోటి పక్క అక్షరం దాకా సాగదీస్తుంది. నమూనా చూడని ఆకారం వస్తే పక్కదాంట్లో కలిపేసి చదువుతుంది. ఫాంట్ ఏదో తెలిస్తే దాంతో వేలకొద్దీ వరసలు బొమ్మలుగా తయారుచేసి టెసరాక్ట్‌కి అదనంగా నేర్పొచ్చు. అందుకు text2image అనే పనిముట్టు వాళ్ల దగ్గరే ఉంది. అంచు కూడా పెట్టి నేర్పిస్తే ఇంకా మంచిది. అంటే ధ కింద గీత సగం తినేసిన రూపాన్ని కూడా అది చూసి ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే, ఇది యూనికోడ్ ఫాంట్లకే. ఫ్లెక్సీలు, శుభలేఖలు చేసేచోట ఇప్పటికీ తిరిగే పాతకాలపు తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన చోట "క" ఆకారం కూర్చుని ఉంటుంది. వాటికి తెలుగు వాక్యం ఇస్తే బొమ్మ రాదు, ముందు దాని లిపికి తగ్గట్టు మార్చాలి. చేత్తో గీసిన టైటిళ్లకైతే ఫాంటే లేదు, అక్షరానికో రూపం. రెండు చోట్ల ఒకే "స" రెండు రకాలుగా ఉంటుంది.

మసిబొగ్గు | ఆదివారం, 2:40

గూటిచిలక గారూ, ఇంకోటి చెప్పడం మర్చిపోయాను. మీ ఫోల్డర్‌లో ఇంగ్లీషు అక్షరాల తెలుగు ఎంతుందో చూసుకోండి. "em chestunnav ra" లాంటివి. `-l tel+eng` పెడితే వాటిని ఇంగ్లీషు మాటలుగా దిద్దాలని చూస్తుంది. టెసరాక్ట్‌లో load_system_dawg, load_freq_dawg రెండూ ఆపేస్తే కాస్త ఉన్నదున్నట్టు చదువుతుంది.

గూటిచిలక | ఆదివారం, 5:20

వెలుతురు పెంచి చూశాను. చొక్కా 18, 20 మధ్య ఊగుతోంది, అంచు 6 నుంచి 15. గీత దగ్గర రెండూ కలిసే ఉన్నాయి. ఉబ్బు ఉందని నాకనిపిస్తోంది, కానీ అక్కడ గీత ఉందని తెలిసి చూస్తున్నాను కాబట్టి అనిపిస్తోందేమో కూడా.

ప్రస్తుతానికి ఆ మాటని "క[ద/ధ]" అని ఫైలులో పెట్టాను, రెంటితో వెతికినా దొరుకుతుంది. మిగతా బొమ్మల మీద నడిపితే ఇంకో చిక్కు వచ్చింది. కొన్నిట్లో రంగు పోస్తే అక్షరాలే మొత్తం మాయమవుతున్నాయి, అందులోనూ పక్కపక్కనున్నవి రెండుమూడు కలిసి.

చుక్కలలెక్క | ఆదివారం, 6:05

కంచెకి కన్నం పడింది. అంచు ఒకటి రెండు పిక్సెళ్లే ఉంటే జేపెగ్ దాన్ని ఒకచోట బూడిద చేస్తుంది, 85 దాటితే అది తెలుపు కింద లెక్క. రంగు ఆ కన్నంలోంచి అక్షరంలోకి పారుతుంది. తలకట్టు తగిలి ఉన్న అక్షరాలైతే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి. ఆ బొమ్మలకు మాత్రం 90, 92 పెట్టి చూడండి, బూడిద నలుపులోకి వెళ్లి కన్నం పూడుతుంది. 95 దాటితే సన్నగీతలు తెగుతాయి.

గూటిచిలక | ఆదివారం, 9:30

92 దగ్గర చాలా వరకు నిలబడ్డాయి. పదకొండు బొమ్మలు మొండికేశాయి, అందులో ఎనిమిదింట్లో అసలు అంచే లేదు, ఒట్టి నీడ. వాటిని రేపు చేత్తో టైప్ చేస్తాను.

నిలువుగీత | ఆదివారం, 9:41

ఎనిమిదేనా? నాకు పంపండి, నేను కొట్టిస్తా. తప్పుల్ని కూడా ఉన్నవి ఉన్నట్టే కొడతాలెండి.